150 ఏహెచ్ ట్యూబులర్ జతకి బదులు 100 ఏహెచ్ లిథియం: కోతకీ కోతకీ మధ్య లెక్క

ప్రశ్న: "మా ఇన్వర్టర్‌కి 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉన్నాయి. మార్చే టైమొచ్చింది. 24 వోల్టుల లిథియం 100 ఏహెచ్ ఒక్కటి పెడితే అదే బ్యాకప్ వస్తుందంటున్నారు. 150 ఉన్న చోట 100 ఎలా సరిపోతుంది? కరెంటు బిల్లు కూడా తగ్గుతుందంటున్నారు, నిజమేనా? లోడు 500 వాట్లు, కరెంటు రోజుకి రెండు మూడు సార్లు పోతుంది."

మీలాగా రోజూ కోతలుండే చోట 100 ఏహెచ్ లిథియం సరిపోతుంది, కాస్త ఎక్కువే ఇస్తుంది. ఎప్పుడో నెలకొకసారి ఒకేసారి ఐదు గంటలు కరెంటు పోయే చోటైతే మీ పాత జతే ఎక్కువసేపు లాగుతుంది. ఒకే బ్యాటరీల మీద రెండు జవాబులు ఎందుకొస్తున్నాయో చెప్పాలంటే ముందు మీ లోడు మీద లెక్క వేయాలి.

మీ 500 వాట్లు ఇన్వర్టర్ బయట కనిపించే లోడు. ఇన్వర్టర్ తన వంతు తినకుండా ఇవ్వదు. మామూలు ఇంటి ఇన్వర్టర్ 87 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే బ్యాటరీ నుంచి 575 వాట్లు లాగుతుంది. 24 వోల్టుల దగ్గర అది దాదాపు 24 ఆంపియర్లు. ఈ 24 అనే అంకె గుర్తుంచుకోండి, మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

మీ ట్యూబులర్ మీద రాసిన 150 ఏహెచ్ సాధారణంగా 20 గంటల రేటుకి చెప్పిన అంకె. 7.5 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా లాగితే 20 గంటలు వస్తుందని అర్థం. మీరు లాగుతున్నది దానికి మూడు రెట్లకు పైనే. లెడ్ బ్యాటరీలో యాసిడ్ ప్లేట్ల లోపలి రంధ్రాల్లోకి నెమ్మదిగా ఇంకుతుంది. గట్టిగా లాగితే లోపలి యాసిడ్ ముందే పలచబడిపోయి, బయట ఇంకా సరుకు ఉండగానే వోల్టేజీ పడిపోతుంది. దీన్ని ప్యూకెర్ట్ ప్రభావం అంటారు. ఘాతాంకం 1.2 వేసుకుని చూస్తే 24 ఆంపియర్ల దగ్గర మీ జత దాదాపు ఐదు గంటలకి ఖాళీ అవుతుంది, అంటే 150లో చేతికొచ్చేది 119 ఏహెచ్.

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ముందు ప్యూకెర్ట్ పేరుతో 119కి తగ్గిస్తారు, ఆ తర్వాత 50 శాతం డెప్త్ ఆఫ్ డిశ్చార్జ్, అంటే సగం వరకే ఖాళీ చేయాలి అని మళ్లీ సగం చేసి, 60 ఏహెచ్ కన్నా ఎక్కువ తీయకూడదంటారు. ఒకే కోత రెండుసార్లు కోస్తున్నారు. 24 ఆంపియర్ల దగ్గర అందకుండా మిగిలిపోయిన ఆ 31 ఏహెచ్ ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. లోడు తీసేసి ఒక గంట ఆగితే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, చిన్న లోడుకి ఇంకాసేపు ఇస్తుంది. ప్లేట్ల మీద ఎంత అరుగుదల పడిందన్నది మొత్తం 150లో ఎంత తీశారన్నదాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి 50 శాతం అంటే 75 ఏహెచ్, గట్టిగా లాగినా నెమ్మదిగా లాగినా. ప్యూకెర్ట్ చెప్పేది వేరే సంగతి: ఈ లోడు మీద కట్ అయ్యేదాకా ఎంతసేపు వస్తుందని.

సరే, 75 ఏహెచ్ తీశారు. సగటున 24 వోల్టుల దగ్గర అది 1,800 వాట్ అవర్లు. ఇన్వర్టర్ దాటి బయటికొచ్చేది సుమారు 1,570. మీ 500 వాట్లకి మూడు గంటల పైన కొంచెం.

లిథియం వైపు చూద్దాం. ఇన్వర్టర్లకి అమ్మేది ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 25.6 వోల్టులు, 100 ఏహెచ్, మొత్తం 2,560 వాట్ అవర్లు. ప్యూకెర్ట్ ఇందులో లేనట్టే. 90 శాతం తీసుకున్నా దానికి ఇబ్బంది లేదు, అంటే 2,304. అదే ఇన్వర్టర్ దాటాక 2,000, మీ లోడుకి నాలుగు గంటలు. మీకు చెప్పినవాళ్ల లెక్క ఇదే, ఇది నిజమే.

కానీ అదే లెడ్ జతని ఒక రోజు కట్ అయ్యేదాకా వదిలేస్తే దాదాపు ఐదు గంటలు వస్తుంది కదా. లిథియం నాలుగు గంటలకి, మహా అయితే నాలుగున్నరకి ఆగిపోతుంది. 50 శాతం అన్నది లెడ్ బ్యాటరీకి రాసిపెట్టిన చట్టమేం కాదు. ట్యూబులర్ తయారీదారులు చాలామంది 80 శాతం లోతుకి కూడా సైకిళ్ల సంఖ్య, అంటే ఎన్నిసార్లు ఖాళీ చేసి నింపుకోవచ్చో ఇస్తారు, మీ బ్యాటరీ డేటాషీట్‌లో లోతుకి ఎదురుగా సైకిళ్లు గీసిన గ్రాఫు చూడండి. లోతు పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది. నెలకి ఒకసారి లోతుగా దిగినంత మాత్రాన ఆయుష్షు మీద పెద్ద భారం పడదు, రోజూ మూడుసార్లు దిగితే పడుతుంది. 50 అన్నది రోజూ వాడేవాళ్లు ఆయుష్షుకీ సైజుకీ మధ్య కుదుర్చుకున్న రాజీ.

ఇంతవరకూ చెప్పింది తీసుకోవడం గురించి. నా అనుభవంలో బ్యాకప్‌ని నిజంగా నిర్ణయించేది ఇది కాదు. రెండు కోతల మధ్య ఎంత తిరిగి పోయగలరన్నది నిర్ణయిస్తుంది. బ్యాటరీ మార్చే ముందు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కోండి.

లెడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో రెండు దశలున్నాయి. సుమారు 80, 85 శాతం వరకు ఛార్జర్ ఎంతిస్తే అంత తీసుకుంటుంది. ఆ తర్వాత వోల్టేజీ పైకి తగిలి, కరెంటు తనంతట తనే తగ్గుతూ పోతుంది. ఆ చివరి 15 శాతానికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టడం మామూలే. మీరు ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా ఈ చివరి భాగం పెద్దగా కుదించుకోదు. మీ 75 ఏహెచ్ తిరిగి పోయాలంటే 15 ఆంపియర్ల ఛార్జర్‌తో మొదటి మూడున్నర గంటల్లో 85 శాతానికి వస్తుంది, ఫుల్ అవడానికి మొత్తం ఎనిమిది గంటలు వేసుకోండి. లిథియం ఇలా కాదు. దాదాపు చివరిదాకా ఛార్జర్ ఇచ్చినదంతా తీసుకుంటుంది. 90 ఏహెచ్ ఖాళీ అయితే అదే 15 ఆంపియర్లకి ఆరు గంటలు, 30 ఇవ్వగలిగితే మూడు గంటల పైన కొద్దిగా.

లెడ్‌కి ఆ చివరి భాగం దక్కకపోతే ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూసిన కేసు చెబుతాను. ఒక చిన్న ల్యాబ్. మీలాంటి 150 ఏహెచ్ జతే, లోడు మాత్రం 250 వాట్లు. కొత్తలో ఐదారు గంటలు తేలిగ్గా లాగేది. 14 నెలలకి రెండు గంటల కోత కూడా దాటలేకపోతోందని పిలిచారు. బ్యాటరీ చెత్తదని వాళ్లు అప్పటికే తేల్చేసుకున్నారు. ఛార్జింగ్‌లో ఉండగా మీటర్ పెడితే 27 వోల్టుల పైనే చూపిస్తోంది, చూడ్డానికి ఏ లోపం లేదు. యాసిడ్ సాంద్రత చూపించే హైడ్రోమీటర్ ముంచితే సెల్లులన్నీ 1.170కీ 1.190కీ మధ్యలో ఉన్నాయి. ఫుల్ ఛార్జ్ ట్యూబులర్‌లో 1.240 దరిదాపుల్లో ఉండాలి.

వాళ్ల రోజు కాగితం మీద రాశాం. ఉదయం 7కి తెరుస్తారు. కోతలు 9 నుంచి 11, 1 నుంచి 3, సాయంత్రం 6 నుంచి 8. రాత్రి 8.30కి మూసేసి వెళ్లిపోతూ మెయిన్ స్విచ్ ఆపేస్తారు. అసలు సంగతి అక్కడుంది. రాత్రి పదిన్నర గంటలు బ్యాటరీకి చుక్క ఛార్జింగ్ లేదు. మిగిలింది 2, 2, 3, అర గంట, మొత్తం ఏడున్నర గంటలు. ఛార్జర్ 10 ఆంపియర్ల మీద పెట్టి ఉంది, కాబట్టి రోజుకి పోసేది 75 ఏహెచ్. 250 వాట్లకి 12 ఆంపియర్లు, ఆరు గంటలకి తీసేది 72. కాగితం మీద సరిపోయినట్టే ఉంది కదా. కానీ లెడ్ బ్యాటరీని నిజంగా ఫుల్ చేయాలంటే తీసినదానికన్నా 10, 15 శాతం ఎక్కువ పోయాలి, అంటే 80 పైన. ఆ ఎక్కువంతా ఖర్చయ్యేది చివరి దశలోనే, గ్యాస్ రూపంలో. మధ్యలో ఉన్నప్పుడు పోసినదంతా దాదాపు నిల్వ అవుతుంది. అందుకే వాళ్ల బ్యాటరీ కిందికి జారి, ఎక్కడ పోసిందీ తీసిందీ సరిపోతాయో అక్కడ స్థిరపడింది. సగం నిండిన స్థితిలోనే నెలల తరబడి బతికింది. అలా ఉండిపోతే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ కరగడం మానేస్తుంది. సల్ఫేషన్ అంటే ఇదే. ట్యూబులర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఇంకో నష్టం కూడా ఉంది: గ్యాస్ బుడగలు రాకపోతే యాసిడ్ కలవదు, బరువైన యాసిడ్ అడుగున, పలచనిది పైన నిలుస్తుంది.

అక్కడ చేసిన పని చాలా చిన్నది. ఇన్వర్టర్ ఇన్‌పుట్‌ని విడిగా ఒక ఎంసీబీ మీదికి మార్చాం, రాత్రి మెయిన్ ఆపినా అది మాత్రం ఆన్‌లో ఉండేలా. ఛార్జింగ్ 15 ఆంపియర్లకి పెంచాం. సెలవు రెండు రోజులు లోడు తీసేసి, నీళ్లు చూసుకుంటూ, కిటికీలు తెరిచి ఈక్వలైజేషన్ ఛార్జింగ్, అంటే సెల్లులన్నీ సమానంగా నిండేలా ఎక్కువ వోల్టేజీతో చేసే ఛార్జింగ్ పెట్టాం. గ్రావిటీ చాలా సెల్లుల్లో 1.225, 1.235కి వచ్చింది. ఒక్క సెల్ 1.190 దాటలేదు. బ్యాకప్ మూడున్నర గంటలకి వచ్చి ఆగింది. పోయిన మిగతాది తిరిగి రాలేదు.

ఆ ల్యాబ్‌లో మొదట్నుంచీ లిథియం ఉంటే? 72 తీస్తే 73 పోస్తే చాలు కాబట్టి 75తో రోజు గడిచిపోయేది. అంతకన్నా ముఖ్యంగా, సగంలోనే నెలలు గడిపినా దానికి దెబ్బ తగలదు. సెల్లులు బ్యాలెన్స్ అవడానికి, లోపలి మీటరు లెక్క సరిచేసుకోవడానికి అప్పుడప్పుడు ఒకసారి ఫుల్ అయితే సరిపోతుంది. రోజూ కోతలుండి, మధ్యలో టైమ్ తక్కువ ఉన్న చోట నేను లిథియం వైపు మొగ్గేది ప్రధానంగా ఇందుకే. 90 శాతం వాడుకోవచ్చన్నది నాకు రెండో కారణం.

ఇప్పుడు మీ బిల్లు సంగతి. లిథియం 95 శాతం సామర్థ్యమని విని ఉంటారు, అది బ్యాటరీ వరకే. మీ లెడ్ జతలో 75 ఏహెచ్ తీశాక, తిరిగి 84 ఏహెచ్ దాకా పోయాలి. ఇచ్చేటప్పుడు 24 వోల్టులు, పుచ్చుకునేటప్పుడు సగటున 27.6. అంటే 1,800 వాట్ అవర్ల కోసం 2,320 పోశారు, 78 శాతం. ఏహెచ్‌లో పోయేది కొంత, వోల్టుల తేడాలో పోయేది ఇంకొంచెం ఎక్కువ. ఏహెచ్ మాత్రమే లెక్కపెట్టేవాళ్లకి ఈ రెండోది కనిపించదు. దాని మీద ఛార్జర్ 85 శాతం అనుకుంటే గోడ నుంచి లాగింది 2,730. బయటికి మీ లోడుకి అందింది 1,570. మొత్తం మీద 57 శాతం. మీరు ఒక యూనిట్ వాడాలంటే మీటర్‌లో 1.74 యూనిట్లు తిరుగుతాయి.

లిథియంలో 90 తీస్తే 90.5 పోస్తారు, 25.6 దగ్గర తీసి 26.9 దగ్గర పోస్తారు. బ్యాటరీ వరకు 94, 95 శాతం. కానీ అదే ఛార్జర్, అదే ఇన్వర్టర్ తమ వంతు తీసుకుంటాయి. చివరికి తేలేది 70 శాతం, యూనిట్‌కి 1.43. తేడా 0.31 యూనిట్. లిథియం పెట్టాక కూడా మూడో వంతు దాకా పోతోందేమిటని కంగారుపడకండి, అది మీ ఇన్వర్టర్ పెట్టెలో పోతోంది. మంచి ఇన్వర్టర్ వల్ల ఒక్కోసారి బ్యాటరీ మార్చినంత ఆదా అవుతుంది.

రోజుకి మొత్తం మూడు గంటల కోత అనుకుంటే మీరు బ్యాటరీ నుంచి వాడేది 1.5 యూనిట్లు. తేడా రోజుకి 0.47, నెలకి 14 యూనిట్లు. ఇది నిజమైన ఆదా. అదే నెలకి నాలుగు సార్లు మాత్రమే కరెంటు పోయే ఇంట్లో ఈ తేడా రెండు యూనిట్లు దాటదు. అలాంటి ఇంట్లో ఎక్కువ తినేది ఇంకొకటి: ఏ కోతా లేనప్పుడు కూడా ఇన్వర్టర్ ఆన్‌లో ఉండడానికి, బ్యాటరీని ఫ్లోట్‌లో, అంటే నిండాక అలాగే నిండుగా నిలపడానికి పట్టే కరెంటు. అది 20 వాట్లే అనుకున్నా రోజుకి దాదాపు అర యూనిట్, నెలకి 14. బ్యాటరీ పాతబడేకొద్దీ ఫ్లోట్ కరెంటు పెరుగుతుంది. ఇది అంచనా వేయక్కర్లేదు. ప్లగ్ సాకెట్‌లో పెట్టే చిన్న ఎనర్జీ మీటర్ ఒకటి ఇన్వర్టర్‌కి ముందు పెట్టి, కోతలు లేని ఒక రోజు, కోతలున్న ఒక రోజు చూడండి. రెండు అంకెలూ మీ ముందుంటాయి.

మార్చాలని నిర్ణయించుకుంటే పాత ఇన్వర్టర్ సెట్టింగులు అలాగే వదిలేయొద్దు. మీరు కొనేది ఎనిమిది సెల్లుల ప్యాక్, దాని పైహద్దు 29.2 వోల్టులు. ఛార్జింగ్ 28.4 దగ్గర పెడితే హాయిగా నిండుతుంది, ఫ్లోట్ 27 దగ్గర చాలు. ట్యూబులర్ మోడ్‌లో ఈక్వలైజేషన్ వస్తే వోల్టేజీ 30 దాటుతుంది, అప్పుడు లిథియం లోపలి రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, బ్యాటరీని ఒక్కసారిగా విడగొట్టేస్తుంది. కాబట్టి మీ ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ గానీ, ఈక్వలైజేషన్ ఆపే వీలు గానీ ఉందో లేదో కొనే ముందే చూసుకోండి. లేకపోతే బ్యాటరీతో పాటు ఇన్వర్టర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. గది ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కన్నా కిందికి పోయే చోటైతే ఛార్జింగ్ ఆపే ఏర్పాటు కూడా బీఎంఎస్‌లో ఉండాలి.

కింది హద్దు విషయంలో చాలామందికి దెబ్బ తగులుతుంది. లెడ్ కోసం ఇన్వర్టర్ 21 వోల్టుల దగ్గర కట్ అవుతుంది. లిథియం 21కి వచ్చేసరికి దాదాపు పూర్తిగా ఖాళీ. దాని వోల్టేజీ గీత బల్లపరుపుగా సాగి, చివర్లో ఒక్కసారిగా జారుతుంది, అందుకే లెడ్‌లాగా వోల్టులు చూసి ఇంకెంత ఉందో చెప్పలేం. 70 శాతం దగ్గర, 40 శాతం దగ్గర దాదాపు ఒకే అంకె కనిపిస్తుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే ఏహెచ్ లెక్కపెట్టే బీఎంఎస్ డిస్‌ప్లేనో, షంట్ మీటరో ఉండాలి. ఇన్వర్టర్ కట్‌ని లోడు మీద 24 వోల్టులకి పెంచుకోండి. అలా చేస్తే అడుగున కొద్దిగా మిగులుతుంది. ఎందుకంటే ఖాళీ అయ్యాక బీఎంఎస్ తలుపు మూసేస్తే, కొన్ని ఇన్వర్టర్లకి బ్యాటరీ వోల్టేజీ సున్నాగా కనిపించి, కరెంటు వచ్చినా ఛార్జింగే మొదలుపెట్టవు. అప్పుడు సాయంత్రం కోతకి మీ చేతిలో నిండాల్సిన బ్యాటరీ ఖాళీగానే ఉంటుంది.

కొనే ముందు మీ పాత జత మీద ఒక పరీక్ష చేయండి. రాత్రంతా ఛార్జ్ అయ్యాక, ఇన్‌పుట్ ఆపి, మారని 500 వాట్ల లోడు పెట్టి, లో బ్యాటరీ అలారం వచ్చేదాకా టైమ్ రాసుకోండి. నాలుగు గంటల పైన వస్తే బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉంది, మీ ఇబ్బంది ఛార్జింగ్‌లో ఉంది. రెండు గంటల లోపే వస్తే హైడ్రోమీటర్ తీయండి. ఆ రోజే డిస్టిల్డ్ వాటర్ పోసి ఉంటే మాత్రం రీడింగ్ తీయొద్దు, పైన నిలిచిన నీళ్లదే చూపిస్తుంది. 12 సెల్లుల అంకెలు, మీ కోతల టైములు, ఛార్జర్ ఎన్ని ఆంపియర్లో ఇక్కడ పెట్టండి, ఆ ల్యాబ్‌కి వేసినట్టే మీ రోజు లెక్క వేద్దాం.